మూడు గ్లాసుల లెక్క

మా చేపల బోటు ఇంజను ఆగిన చోటు నుంచి తీరం కనిపించదు. విశాఖ రేవుకు తూర్పున 50 కిలోమీటర్లు దాటి ఉంటాం. లంగరు వేద్దామంటే తాడు అడుగుకు అందదు. మార్చి నెలలో మన తీరం వెంట నీటివాటం ఒడిశా వైపు లాగుతుంది. దానికి దక్షిణపు గాలి తోడైంది.

ఇంజనును చల్లబరిచే నీటి పంపులో రబ్బరు రెక్కలు తెగిపోయాయి. మేం గమనించేలోగా వేడెక్కి పిస్టన్ పట్టేసింది. ట్యాంకులో సగానికి పైగా డీజిలు ఉన్నా బోటు కదలదు. ఫోనుకు సిగ్నల్ లేదు. వైర్‌లెస్ సెట్టులో పిలిస్తే ఎవరూ పలకలేదు.

సరంగు మా మేనమామ. చినమామ, బావ, కొత్తగా పనిలో చేరిన కుర్రవాడు, నేను, మొత్తం ఐదుగురం. బావ మళ్లీ స్టార్టర్ మీద చేయి వేస్తుంటే మామయ్య ఆపాడు.

"ముట్టుకోకు. ఇక బ్యాటరీ సెట్టుకే."

గంటకు ఐదు నిమిషాలు 16వ ఛానల్లో పిలవడం, వినడం, ఆపేయడం. వలలో కొంత భాగాన్ని తాడుతో కట్టి బోటు ముందు నుంచి నీళ్లలోకి వదిలాం. అది లాగి పట్టుకోవడంతో బోటు అలలకు ఎదురు నిలిచింది, కొట్టుకుపోయే వేగమూ తగ్గింది.

తర్వాత నీళ్లు. 20 లీటర్ల క్యాను ఒకటి నిండుగా ఉంది, రెండోదాంట్లో నాలుగు లీటర్లు. మా స్టీలు గ్లాసుతో ఐదు పోస్తే లీటరు. మనిషికి రోజుకు మూడు గ్లాసులు: పొద్దున ఒకటి, పొద్దు వాలాక ఒకటి, అర్ధరాత్రి ఒకటి. అలా అయితే ఎనిమిది రోజులు వస్తాయి.

"రేపటికల్లా ఎవరో ఒకరు వస్తారు కదా, నాన్నా" అన్నాడు బావ.

"వస్తే మంచిదే. లెక్క మాత్రం రారనుకునే వేయాలి."

గ్లాసు నాకు అప్పగించాడు. క్యానును మోకాళ్ల మధ్య బిగించుకుని, అల దిగేదాకా ఆగి పోసేవాణ్ని. అంచు కింద చుట్టూ ఒక గీత ఉండేది. ఐదు జతల కళ్లు ఆ గీత మీదే. కుర్రవాడు తాగాక గ్లాసు లోపల వేలు తిప్పి నాకేవాడు.

అసలు గొడవ ఐసు దగ్గర వచ్చింది. ఒక పెట్టెలో వంజరాలు, చూరలు. రెండో పెట్టెలో ఇంకా చేప తగలని ఐసు. చేపల మీది ఐసు కరుగుతోంది, కొత్తది వేయకపోతే సరుకు పాడవుతుంది.

"అన్నయ్యా, డీజిలు అప్పు తీరాలంటే ఇదే ఆధారం" అన్నాడు చినమామ.

మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆ పెట్టెలో ఉన్నది మా అందరి ఇళ్ల తిండి. చివరికి మంచి ఐసును గోనెసంచుల్లో చుట్టించి, పైన టార్పాలిన్ కప్పించాడు. కరిగిన నీటిని గుడ్డతో వడకట్టి ఖాళీ డబ్బాల్లోకి పట్టాం. ఫ్యాక్టరీ ఐసు తాగడానికి చేసింది కాదు, కడుపు చెడవచ్చు. అయినా ఉప్పునీటి కంటే నయమని దాన్ని చివరికి దాచాడు. చేపలు వాసన పట్టగానే సముద్రంలో పారబోశాం. అంతకుముందు కూడా కడుపునిండా తిననివ్వలేదు. నీళ్లు తక్కువైనప్పుడు చేప తింటే, దాన్ని అరిగించుకోవడానికే ఒంట్లో నీరు ఖర్చవుతుంది. గంజితో కలిపి పూటకు నాలుగు ముద్దలే.

ఒక రాత్రి ఓడ దీపాలు కనబడ్డాయి. ప్లాస్టిక్ డ్రమ్ము పట్టుకుని ఈదుతానన్నాడు బావ. మామయ్య అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. రాత్రిపూట సముద్రం మీద దీపం ఉన్నదానికంటే దగ్గరగా అనిపిస్తుంది. పైగా నీళ్లలో తేలే తల ఎవరికీ కనబడదు, బోటైతే కనబడుతుంది. డీజిలులో తడిపిన గుడ్డలు డబ్బాలో వేసి వెలిగించాం. ఓడ తన దారిన పోయింది. అప్పటి నుంచి దీపం మా వైపు వస్తోందని తేలితే తప్ప గుడ్డ ముట్టించలేదు.

దాహం ఆగక కుర్రవాడు రహస్యంగా సముద్రపు నీళ్లు తాగి, వాంతులతో డీలాపడ్డాడు. మామయ్య తన గ్లాసు అతనికిచ్చాడు. రెండోసారి ఇవ్వబోతే బావ అడ్డుపడ్డాడు.

"నువ్వు పడిపోతే మాకు దారి చెప్పేదెవరు, నాన్నా?"

నాకూ అదే న్యాయమనిపించింది. నలుగురం తలో గుక్క తగ్గించుకున్నాం.

క్యాన్లు అయిపోయి ఐసు నీళ్లు మొదలుపెట్టాక, ఒక ఉదయం సెట్టులో ఒడియా మాటలు వినబడ్డాయి. చినమామ పారాదీప్‌లో పని చేసినవాడు, ఆ భాషలో బదులిచ్చాడు. డీజిలు గుడ్డల నల్లటి పొగ చూసి ట్రాలర్ మధ్యాహ్నానికి మమ్మల్ని చేరింది. మేం ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గరికి కొట్టుకొచ్చామని చెప్పారు.

వాళ్లు నీళ్ల సీసాలు విసిరారు. మామయ్య వాటినీ నా చేతికే ఇచ్చి, గ్లాసుతోనే, నెమ్మదిగా పోయమన్నాడు. లాగే తాడు కట్టాక, నీళ్లలో ఉన్న వల బరువని కోసేయమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. చేపలు ఎలాగూ పోయాయి, వల ఉంటే మళ్లీ వేటకు వెళ్లవచ్చు. ట్రాలర్ వాళ్లలో ఇద్దరు మా బోటులోకి దిగి మాతోపాటు తాడు పట్టారు.