నోరు తిరగాలంటే: రిహార్సల్‌కు ముందు పది నిమిషాలు

మన నాటికలో మాటలు వేగంగా నడుస్తాయి. పోయిన ఆదివారం రెండో రంగంలో "పెళ్ళి" అన్న మాట ఐదుసార్లు వస్తే మూడుసార్లు "పెల్లి" అనే వినబడింది. అందుకే ఈ కాగితం. రోజూ రిహార్సల్‌కు ముందు అందరూ కలిసి చదవండి. మొదటిసారి అక్షరం అక్షరం విడదీసి, రెండోసారి మామూలుగా, మూడోసారి వేగంగా. తప్పు దొర్లితే వేగం తగ్గించి మళ్ళీ మొదలుపెట్టాలి తప్ప, తప్పును మింగేసి ముందుకు పోకూడదు.

కాకీక కాకికి కాక కేకికా?

ఇది పాతది, అందరికీ తెలిసిందే. కాకి ఈక కాకిది కాకపోతే నెమలిదా అని అర్థం (కేకి అంటే నెమలి). హల్లు ఒక్కటే, క. కాబట్టి ఇక్కడ పరీక్షంతా హ్రస్వ దీర్ఘాలదే. పదకొండు అక్షరాల్లో ఆరు దీర్ఘాలు, ఐదు హ్రస్వాలు. దీర్ఘానికి రెండు చిటికెలు, హ్రస్వానికి ఒక చిటికె వేస్తూ చదవండి. "కాకికి" దగ్గర చాలామంది చివరి "కి"ని సాగదీస్తారు. అక్కడే వాక్యం కూలిపోతుంది.

ఎర్ర లారీ, తెల్ల లారీ

చిన్నప్పుడు అందరం ఓడిపోయిన ఆటే. ఆగకుండా పదిసార్లు. ర్ర కి నాలుక కొస పై పళ్ళ వెనకాల అదరాలి. ల్ల కి అదే చోట ఆనుకుని నిలబడాలి, గాలి పక్కల నుంచి పోవాలి. అదరడం నుంచి ఆనడానికి మారే వేగం చాలకపోతే "ఎల్ల లారీ, తెర్ర లారీ" అయిపోతుంది. నవ్వు వస్తే నవ్వేయండి, తర్వాత మళ్ళీ చదవండి.

పిల్ల పెళ్ళిలో పిల్లికి పళ్ళెం, పిల్లి పళ్ళెంలో పిల్లకు పాలు

మన అసలు జబ్బుకు మందు ఇదే. ల కి నాలుక కొస పళ్ళ వెనకాలే ఉంటుంది. ళ కి కొస వెనక్కి మడుచుకుని అంగిలిని తాకాలి. "కల్లు, కళ్ళు" అని మెల్లగా పలికి చూడండి, నాలుక ఎంత దూరం జరిగిందో మీకే తెలుస్తుంది. పెళ్ళికూతురు వేషం వేసే అమ్మాయికి ఇది రోజుకు ఇరవైసార్లు. శిక్ష కాదమ్మా, నీ మాటల్లోనే ళ ఎక్కువగా ఉంది మరి.

తాత తోటకు తాటాకు తడిక, తాటాకు తడికకు తాత తాడు

త పళ్ళకు తగిలే అక్షరం. ట, డ అంగిలికి తగిలేవి. వేగంగా చదివితే "తోట" కాస్తా "తోత" అవుతుంది.

చుట్టిన చిన్న చాప చెంత చుట్టని చిన్న చాప

రాసేటప్పుడు చ ఒక్కటే అయినా నోట్లో రెండున్నాయి. చిన్న, చెంత అన్నప్పుడు నాలుక అంగిలిని తాకుతుంది. చుట్ట, చాప అన్నప్పుడు పళ్ళ దగ్గరికి వస్తుంది. పాత పుస్తకాల్లో ఈ రెండోదాన్ని ౘ అని రాసేవారు. మామూలుగా తెలుగు మాటల్లో ఇ, ఈ, ఎ, ఏ ముందు మొదటిది, అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ ముందు రెండోది పలుకుతాం. జ కీ ఇదే కథ, దానికి ఇది:

జొన్నల జల్లెడలో జీలకర్ర, జీలకర్ర జల్లెడలో జొన్నలు

శశి సీసా శేషు తీస్తే, శేషు సీసా సుశీల తీసింది

స కి నాలుక పళ్ళ దగ్గర, శ కి దాని మధ్యభాగం అంగిలి వైపు, ష కి కొస వెనక్కి మడత. మూడూ "స" అయిపోవడం మనలో సగం మందికి అలవాటు. "సుశీల" మీద ఎక్కువసేపు ఉండండి, ఒకే పేరులో స, శ రెండూ ఉన్నాయి.

వాణి వీణ విన్నది వేణి, వేణి వేణువు విననిది వాణి

న, ణ ల తేడాకు. "వీన" అనకుండా వస్తే చాలు.

లక్ష భక్ష్యాలు భక్షించే లక్ష్మయ్యకు ఒక భక్ష్యం లక్ష్యమా?

ఇదీ పాతదే, అన్నిటికన్నా కష్టం. ఒత్తు భ ఒకటి, క్ష తర్వాత మళ్ళీ య, మ తగలడం ఇంకొకటి. అరచేయి నోటి ముందు పెట్టుకుని "బ, భ" అనండి. భ అన్నప్పుడు గాలి చేతికి గట్టిగా తగలాలి. తర్వాత "లక్ష, లక్ష్య, లక్ష్మ" విడివిడిగా ఐదుసార్లు. "లచ్చ" అని వస్తే క్ష లోని క ఎగిరిపోయినట్టే.

బుధవారానికి మొదటి మూడూ ధారగా రావాలి. లక్ష్మయ్యను శనివారం అందరి ముందూ ఒక్కొక్కరితో చదివిస్తాను, టెన్షన్ వద్దు, ముందు నేనే చదువుతా.