పెద్దమ్మకు: బ్యాంకు హెచ్చరిక తెలుగులో

పెద్దమ్మా,

మీరు ఫోటో తీసి పంపిన మెసేజ్ చదివాను. కంగారు పడకండి, కానీ తెల్లవారేదాకా ఆగకండి. పెద్ద మొత్తం పోలేదు, బ్యాంకు ఆపింది. మెసేజ్‌లో ఉన్నదంతా, ఉన్న వరుసలోనే రాస్తున్నాను:

“ఖాతాదారు గారికి, 4172తో ముగిసే మీ డెబిట్ కార్డుపై 14-11-2025 రాత్రి 7:38కి ఆన్‌లైన్‌లో రూ. 499 చెల్లింపు జరిగింది. 7:42కి రూ. 24,999 చెల్లించే ప్రయత్నం జరగగా, అనుమానంతో తిరస్కరించాం. ఇవి మీరు చేసినవి కాకపోతే వెంటనే, బ్యాంకులో నమోదైన మీ మొబైల్ నుంచి, కార్డు వెనుక ముద్రించిన నంబరుకు ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించండి. అదే ఫోన్‌లో రూ. 499పై ఫిర్యాదు నమోదు చేయించి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. తర్వాత మీ బ్రాంచిలో ఫిర్యాదు పత్రంపై సంతకం చేయండి. ఓటీపీ, పిన్, సీవీవీ ఎవరికీ చెప్పకండి.”

మీరు ఏమీ కొనలేదన్నారు కాబట్టి ఇప్పుడే ఫోన్ చేయండి. చేయవలసినది మీ ఫోన్ నుంచే, పెదనాన్న ఫోన్ నుంచి కాదు. నంబరు కార్డు వెనుక చూసే కొట్టండి; ఇంటర్నెట్‌లో వెతికితే దొంగల నంబర్లూ దొరుకుతాయి. కార్డు బ్లాక్ చేస్తే పింఛను ఆగదు, ఖాతా యథావిధిగా ఉంటుంది.

బ్లాక్ అయిందనగానే ఫోన్ పెట్టేయకండి. బ్లాక్ చేయడం ఇకపై పోకుండా ఆపడానికే, పోయిన రూ. 499 కోసం విడిగా ఫిర్యాదు చేయాలి. చిన్న మొత్తమే కదా అని వదలవద్దు. కార్డు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి దొంగలు ముందు ఇలాగే కొద్దిగా లాగుతారు. ఫిర్యాదు నంబరు, ఫోన్ చేసిన సమయం క్యాలెండరు మీద రాసిపెట్టండి. రిజర్వు బ్యాంకు 2017లో పెట్టిన నియమం ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయటివారు డబ్బు లాగితే, హెచ్చరిక అందాక మూడు పనిదినాల్లోపు చెప్పినవారికి నష్టం ఉండదు. ఆ గడువు మంగళవారం వరకు ఉన్నా మీరు ఈ రాత్రే చెప్పండి. బ్యాంకు లైను దొరికేలోగా పెదనాన్న తన ఫోన్ నుంచి 1930కి, అంటే సైబర్ నేరాల సహాయ కేంద్రానికి చేసి విషయం చెప్పవచ్చు.

ఈలోగా ఎవరైనా “బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, డబ్బు వెనక్కి వేస్తాం, ఓటీపీ చెప్పండి” అంటే, మీ పేరు, 4172 అంకెలు సరిగ్గా చెప్పినా సరే, కట్ చేయండి. లింకు పంపితే ముట్టుకోవద్దు.

రేపు మూడో శనివారం, బ్రాంచి తెరిచే ఉంటుంది. పాస్‌బుక్కు, ఆధార్ పట్టుకెళ్లి సంతకం చేయండి, కొత్త కార్డు కూడా అక్కడే అడగండి. ఫిర్యాదు నంబరు రాగానే, ఎంత రాత్రయినా, నాకు పంపండి.