మా కుటుంబ పెట్టుబడి విధాన పత్రం

ఈ పత్రం 2025 జనవరి 1 నుంచి అమలు. భార్యాభర్తలం ఇద్దరం కూర్చుని రాసుకున్నాం. మాకు 42, 40 ఏళ్లు, ఇద్దరికీ జీతాలున్నాయి. అమ్మాయికి 12, అబ్బాయికి 8. అమ్మ మాతోనే ఉంటుంది.

ఎందుకు రాసుకున్నాం

2020 మార్చిలో ప్రపంచ మార్కెట్లు దాదాపు నెల రోజుల్లోనే మూడో వంతు దాకా పడిపోయాయి. ఒక రాత్రి పదకొండింటికి, పిల్లలు పడుకున్నాక, ఫోన్ చేతిలో పట్టుకుని మా ఫండ్లలో సగం అమ్మేశాం. ఆ ఏడాది చివరికల్లా మార్కెట్ కోలుకుంది. మేం అమ్మినదాన్ని ఎక్కువ ధరకు తిరిగి కొనుక్కున్నాం. అప్పుడు మా దగ్గర డబ్బు ఉంది గానీ, ముందే అనుకున్న మాట ఒక్కటీ లేదు. ఈ పేజీ ఆ మాట.

లక్ష్యాలు

ముందు అత్యవసర నిధి. ఆరు నెలల ఇంటి ఖర్చు, దానిపైన అమ్మ వైద్యం కోసం మరో రెండు నెలల ఖర్చు బ్యాంకులోనే ఉండాలి. దీని మీద రాబడి గురించి అడగం.

రెండోది చదువులు. అమ్మాయి కాలేజీకి ఆరేళ్లు, అబ్బాయి కాలేజీకి పదేళ్లు ఉంది. ఫీజు కట్టాల్సిన తేదీకి ఐదేళ్లు ఉండగా ఆ బిడ్డ డబ్బులో షేర్ల వాటా 40 శాతం దాటకూడదు. మూడేళ్లు మిగిలేసరికి షేర్లలో పైసా ఉండకూడదు. మార్కెట్ బాగా పెరుగుతున్నా సరే. కాలేజీ సీటు మార్కెట్ కోలుకునేదాకా ఆగదు.

మూడోది రిటైర్మెంట్. 18 ఏళ్లలో, అప్పటి ధరల ప్రకారం, మా ఏడాది ఖర్చుకు 25 రెట్లు కూడబెట్టాలి.

చేతికొచ్చే జీతంలో 25 శాతం పొదుపు. అందులో 15 రిటైర్మెంట్‌కు, 8 చదువులకు, 2 అత్యవసర నిధికి. ఆ నిధి నిండాక ఆ 2 కూడా రిటైర్మెంట్‌కే.

రిటైర్మెంట్ నిధిలో వాటాలు, రిస్క్ హద్దులు

షేర్లు 60 శాతం, బాండ్లు, డిపాజిట్లు 30, బంగారం 10. షేర్ల వాటా చాలావరకు తక్కువ ఖర్చు ఇండెక్స్ ఫండ్లలోనే.

ఈ 60 ఊరికే రాయలేదు. 2008లాగా షేర్లు సగానికి పడితే మొత్తం నిధి 30 శాతం తగ్గుతుంది. వంద ఉన్నచోట డెబ్బై కనిపిస్తే నిద్ర పడుతుందా అని ఒకరినొకరు అడిగాం. ఆమె 70 ఓర్చుకోగలనంది, నేను 75 అన్నాను. జీతాలు ఇంకా 18 ఏళ్లు వస్తాయి కాబట్టి 70 దగ్గర ఆగాం. రిటైర్మెంట్‌కు పదేళ్లు ఉన్నప్పటి నుంచి షేర్ల వాటా ఏటా 2 శాతం పాయింట్లు తగ్గిస్తాం.

ఏ ఒక్క కంపెనీ షేరూ నిధిలో 5 శాతం మించకూడదు, మేం పనిచేసే కంపెనీలవైనా. అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టం. ఆప్షన్లు, ఫ్యూచర్లు మా ఇంట్లో లేవు. బంధువులో, స్నేహితులో చెప్పిన స్కీమ్ అయితే, అందులో డబ్బు ఎలా వస్తుందో మాలో ఒకరు రెండోవారికి వివరించి ఒప్పించేదాకా పెట్టం.

రీబ్యాలెన్సింగ్

ఏటా ఏప్రిల్ మొదటి ఆదివారం వాటాలు చూస్తాం. మధ్యలో యాప్ తెరవొచ్చు గానీ, ఏ వాటా అయినా తనకు రాసిన శాతం నుంచి 5 శాతం పాయింట్లు పక్కకు పోతే తప్ప ఏదీ అమ్మకూడదు, మార్చకూడదు. అంటే షేర్లు 55 కిందకు లేదా 65 పైకి పోవాలి.

సరిచేసేటప్పుడు ముందు కొత్త పొదుపు మొత్తం తక్కువైన వైపు పంపుతాం. దానికి పన్ను పడదు. మూడు నెలల్లో హద్దులోకి రాకపోతేనే ఎక్కువైనది అమ్మి 60-30-10కి తెస్తాం.

కష్టమైన రోజుకు లెక్క ఇక్కడే రాసిపెడుతున్నాం. వందలో షేర్లు 60 నుంచి 30కి పడితే మొత్తం 70, షేర్ల వాటా 43 శాతమే. అప్పుడు మూడు నెలలు ఆగకుండా బాండ్ల నుంచి 9, బంగారం నుంచి 3 తీసి షేర్లు కొనాలి. అవి 42, 21, 7 అవుతాయి. ఆరోజు చెయ్యి వణుకుతుంది, టీవీలో అందరూ అమ్మమంటారు. అయినా కొనాలి. ఒక్కసారిగా కొనడం టెన్షన్ అనిపిస్తే నాలుగు వారాల్లో నాలుగు భాగాలుగా కొనొచ్చు. ఆపడం మాత్రం కుదరదు.

మార్పులు

ఉద్యోగం పోవడం, పెద్ద జబ్బు, ఇంట్లో మనిషి తగ్గడం, పెరగడం: వీటికే ఈ పత్రం మారుస్తాం. ఇద్దరం ఒప్పుకోవాలి, ఒప్పుకున్నాక 30 రోజులు ఆగాలి. మార్కెట్ గత శిఖరం నుంచి 20 శాతం కంటే ఎక్కువ పడి ఉన్నప్పుడు రిస్క్ తగ్గించే మార్పు ఏదీ చెల్లదు.

మాలో ఒకరు లేకపోతే రెండోవారు ఆరు నెలలపాటు ఏదీ అమ్మకుండా, అత్యవసర నిధితోనే ఇల్లు నడపాలి. ఖాతాల జాబితా, నామినీల వివరాలు ఈ పత్రం వెనకే పిన్ చేసి ఉన్నాయి. అమ్మాయికి 18 నిండాక వచ్చే ఏప్రిల్ నుంచి ఆమె కూడా మాతో కూర్చుంటుంది.