మీ జేబు మీద కుట్టిన చిహ్నం
(ఆరో తరగతిలో కొత్తగా చేరిన విద్యార్థులకు)

పిల్లలూ, నిన్న మీకు యూనిఫాం ఇచ్చాం. చొక్కా జేబు మీద డాలు ఆకారంలో ఒక చిహ్నం ఉంటుంది. అందులో మిమ్మల్ని అడిగే మాటలు కొన్ని, మేము మీకిచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. రెండూ ఈ రోజే తెలుసుకోండి.

అన్నిటికంటే పైన ఉన్నది కాకతీయుల కీర్తి తోరణం. వరంగల్ కోటలో నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు నేటికీ నిలిచి ఉన్నాయి. వాటి నడుమ ఉన్న శివాలయం శిథిలమైపోయింది. తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో చార్మినార్‌తో పాటు కనిపించేది కూడా ఈ తోరణమే. మన ఊరి గుర్తు కాబట్టి మన చిహ్నంలోకి వచ్చిందనుకోవచ్చు. నాకు మాత్రం అందులో ఇంకో సంగతి ఇష్టం. తోరణానికి తలుపులు ఉండవు. మనది ప్రభుత్వ పాఠశాల. మీ నాన్న ఏం పని చేస్తారో, మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారో, ఇంతకుముందు మీకెన్ని మార్కులు వచ్చాయో చూసి ఇక్కడ ఎవరినీ వెనక్కి పంపరు. ఇది మేము మీకిచ్చే మొదటి మాట.

తోరణం మీద రెండు హంసలున్నాయి. కోటలోని తోరణాల మీద కూడా హంసలను చెక్కారు. పాలనూ నీళ్లనూ కలిపి పెడితే హంస పాలు మాత్రమే తాగుతుందని మన కవులు చెబుతూ వచ్చారు. నిజం పక్షి అలా చేయదు, సైన్సు పీరియడ్‌లో అడిగి చూడండి. అయినా ఆ కల్పన చదువుకునేవాళ్లకు చాలా అవసరం. ఫోనులో వచ్చిన వార్తయినా, పుస్తకంలోని వాక్యమైనా, చివరికి నేను చెప్పిన మాటైనా సరే, ‘ఇది నిజమేనా? ఎలా తెలుసు?’ అని అడగండి. అడిగినందుకు ఇక్కడ ఎవరూ కోప్పడరు.

తోరణం కింద ఎడమవైపు ఏనుగు, కుడివైపు సింహం ఉన్నాయి. కాసేపు వీటి దగ్గర ఆగుదాం. కాకతీయుల కాలపు శిల్పాల్లో సింహం ఏనుగును అణచిపెడుతున్నట్లు చెక్కడం మామూలే. శత్రురాజులనే ఏనుగులకు సింహం వంటివారన్న అర్థంలో రుద్రమదేవికి ‘రాయగజకేసరి’ అనే బిరుదు ఉండేది. మన చిహ్నంలో అలా లేదు, గమనించారా? రెండూ ఒకే ఎత్తులో, ఒకే నేల మీద నిలబడ్డాయి. గీసినవారు కావాలనే అలా గీశారు. సింహం ధైర్యానికి గుర్తు, ఏనుగు ఓర్పుకూ జ్ఞాపకశక్తికీ గుర్తు. ఒకటి గెలవడానికి ఇంకొకటి ఓడిపోవలసిన పని లేదు. తరగతిలో చకచకా జవాబు చెప్పే పిల్లలుంటారు, నెమ్మదిగా ఆలోచించి చెప్పే పిల్లలూ ఉంటారు. నెమ్మదిగా చెప్పేవారిని చూసి నవ్వడాన్ని మాత్రం నేను సహించను. రామప్ప గుడికి వెళ్లినప్పుడు గోడల అడుగున వరుసగా సాగే ఏనుగులను చూడండి. ఎనిమిది వందల ఏళ్లుగా అవి నడుస్తూనే ఉన్నాయి.

వాటి పాదాల కింద ఉన్న మూడు నీలి గీతలు చెరువు అలలు. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు కాకతీయులు తవ్వించినవే. మన ప్రాంతంలో గొలుసుకట్టు చెరువులు ఎన్నో ఉన్నాయి. పై చెరువు నిండితే అలుగు పారి, ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. అందుకే ఇక్కడ తొమ్మిది, పది తరగతుల వాళ్లు సాయంత్రం మీకు లెక్కలు చెబుతారు. మూడేళ్ల తర్వాత ఆ పని మీది.

అంచు చుట్టూ ఉన్న పసుపు పువ్వులు తంగేడు. బతుకమ్మ పేర్చినవారికి వాటి గురించి నేను చెప్పనక్కరలేదు.

ఇక అడుగున ఉన్న వాక్యం ‘తేజస్వి నావధీతమస్తు’. ఇది తైత్తిరీయోపనిషత్తులోని శాంతిమంత్రం నుంచి తీసుకున్నది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం చిహ్నంలో కూడా ఈ మాటే ఉంది. ‘మన ఇద్దరి చదువూ తేజస్సుతో వెలుగుగాక’ అని అర్థం. ఆ ఇద్దరూ ఎవరంటే గురువు, శిష్యుడు. చదువు మీ ఒక్కరి బాధ్యతే అయితే ఈ వాక్యాన్ని ఇలా రాసేవారు కాదు. పాఠం మీకు అర్థం కాలేదంటే మా చదువులో కూడా లోటు ఉన్నట్లే. అప్పుడు మళ్లీ చెప్పమని అడిగే హక్కు మీకుంది, చెప్పే బాధ్యత మాకుంది. ఆ మంత్రం చివర ‘మా విద్విషావహై’ అని కూడా ఉంది. మనం ఒకరినొకరు ద్వేషించుకోకుండా ఉందాం అని. డాలు మీద చోటు చాలక దాన్ని కుట్టలేదు. రోజూ ఉదయం ప్రార్థనలో అందరం కలిసి పలుకుతాం.

శనివారం డ్రాయింగ్ పీరియడ్‌లో ఈ చిహ్నాన్ని మీరే గీయాలి. రంగు పెన్సిళ్లు లేనివారు కొనవద్దు, బడిలో ఉన్నాయి. గీసేటప్పుడు ఏనుగునూ సింహాన్నీ ఒకే ఎత్తులో గీయండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు