అమ్మ గుట్టెక్కిన ఘట్టం: ఫ్లెక్స్ బొమ్మకు మళ్ల రాసిన ప్రాంప్ట్

తమ్మీ,

మీ సమ్మక్క నాటకం ఫ్లెక్స్ కోసం రాసిన ప్రాంప్ట్ అని నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూసిన. బొమ్మలు గీసే టూల్ 3 సార్లు కాదన్నదంటే దాని తప్పేం లేదు. నువ్వు రాసింది ఇదే గదా:

"మేడారం సమ్మక్క యుద్ధం. ఆటవిక స్త్రీ కత్తితోని సైనికులను ముక్కలు ముక్కలుగ నరుకుతుంటే నెత్తురు చిమ్మాలె. ఎన్కనుంచి బల్లెం దిగి ముందటికొచ్చినట్టు, చీర చినిగినట్టు కనబడాలె. వాగు నిండ శవాలు. చూసినోళ్లకు ఒళ్లు గగుర్పొడవాలె."

రెండోసారి నెత్తురు కాడ "టమాటా రసం" అని పెట్టినవట. నవ్వాగలే నాకు. టూల్ ఒప్పుకుంటే సంపెంగవాగుల నిజంగనే చారు పారేది. మాట మార్చి అదే బొమ్మను దొడ్డిదారిన గీయించుడు నేను చెయ్య. దృశ్యమే మార్చిన.

పెద్దలు చెప్పే కథ ఒక్కసారి యాదికి తెచ్చుకో. అమ్మ ప్రాణం పోవుడు ఎవ్వరూ చూడలే. ఎన్కనుంచి పోటు తగిలినంక చిలుకలగుట్ట దిక్కు నడిచిపోయింది. దేవులాడుకుంట పోయినోళ్లకు నాగవృక్షం కింద కుంకుమ భరిణె దొరికింది. మీ నాటకం ఆఖరి సీన్ గూడ అదే. మరి ఫ్లెక్స్ మీద ఎరుపు కావాల్నంటే కుంకుమ ఉన్నది, చేర్యాల పటం నేల ఉన్నది. ఇగో, ఇది ఉన్నదున్నట్టు పెట్టు:

"చేర్యాల నకాశీ పటం శైలిలో ఒక అడ్డ బొమ్మ. వెడల్పు ఎత్తుకు రెట్టింపు. వెనుక నేలంతా చిక్కటి ఎరుపు. పూల అంచులతో విడదీసిన 3 గడులు, కథ ఎడమ నుంచి కుడికి సాగాలి.

మొదటి గడి: యుద్ధం ఆగిపోయాక వాగు ఒడ్డు, పొద్దుగూకే వేళ. నీళ్ల మీద సంధ్య ఎరుపు. ఇసుకలో నిలువునా నాటుకున్న బాణాలు, బోర్లా పడిన ఒక డాలు. రౌతు లేని గుర్రం తల వంచి నీళ్లను చూస్తోంది. మనుషులు లేని నిశ్శబ్దం.

రెండో గడి, మిగతా రెండింటికన్నా పెద్దది: నడివయసు కోయ వీరనారి గుట్ట ఎక్కుతోంది. పసుపు చీర నిండుగా కట్టుకుంది, నుదుట పెద్ద కుంకుమబొట్టు. ముఖం పక్కకు తిరిగి ఉంది, కన్ను పెద్దది, చూపు శిఖరం మీద. నొప్పి ఓర్చుకుంటున్నట్టు ఎడమ చేత్తో భుజాన్ని ఒత్తిపట్టుకుంది. కుడి చేతిలో బల్లెం, మొన నేలవైపు. దారికి రెండు పక్కలా వెదుళ్లు ఆమె వైపు వంగాయి. గుట్ట కింద సైనికులు చాలా చిన్నగా, ఆయుధాలు దించి, కదలకుండా నిలబడిపోయారు.

మూడో గడి: నాగవృక్షం మొదట్లో మూత తీసి ఉన్న కుంకుమ భరిణె. గూడెం ఆడమనిషి మోకాళ్ల మీద కూర్చుని చేయి చాచింది, కానీ ఇంకా తాకలేదు. ముఖంలో దుఃఖం, ఆశ్చర్యం ఒకేసారి. ఆమె వెనుక దివిటీలు పట్టుకున్న ఊరివాళ్లు.

రంగులు చదునుగా, నీడలు లేకుండా. గీతలు సన్నగా, నల్లగా. మూడో గడి పై భాగం ఉత్త ఎరుపుగా వదిలేయాలి."

"నెత్తురు వద్దు, శవాలు వద్దు" అని చివరికి కలుపుదామనుకునేవు, కలపకు. వద్దు అని రాసినా ఆ మాట ప్రాంప్ట్‌ల ఉన్నట్టే. కొన్ని టూల్స్ దానికే ఆగుతయ్, కొన్ని అదే గీసి పెడతయ్. అందుకే చీర నిండుగా, ఒడ్డు నిశ్శబ్దంగా అని ఉండాల్సినవే రాసిన.

అమ్మ పేరు గూడ కావాలనే తీసేసిన. పేరు పెడితే క్యాలెండర్ల దేవత లెక్క కిరీటం పెట్టిస్తదని నా భయం. గద్దె మీద అమ్మకు విగ్రహమే లేదాయె, వెదురూ భరిణే గదా. "ఆటవిక" అన్న మాట టూల్ ఆపకున్నా నేను ఆపుదును. ములుగు దిక్కు నుంచి కోయోళ్లు నాటకం చూడనీకొస్తరు, ఆ ఫ్లెక్స్ కిందికెళ్లే లోపలికి రావాలె.

ఇంకా ఆగితే బల్లెం ఒక్కటి తీసి చేతిల వెదురుకర్ర పెట్టు, మిగతాది ముట్టకు. 3 గడులు ఒక్కసారి కుదరకపోతే రెండోది ముందు గీయించు, అదే మనకు పానం. నాటకం పేరు మాత్రం టూల్‌తోని రాయించకు, తెలుగు ఒత్తులు ఆగం చేస్తది. ఆ ఖాళీ ఎరుపు మీద ఫ్లెక్స్ దుకాణపాయననే టైపు చెయ్యమను. సైజు 8 అడుగులు బై 4, హన్మకొండ చౌరస్తాల ఇచ్చే ముందు నాకొకసారి ఫోన్ల పంపు, ఆమె కన్ను ఎటు చూస్తున్నదో చూస్తా.

అక్క