ఛాతీ సీటీలో కనిపించిన నాడ్యూళ్లు: 2026, 2027 ఫాలోఅప్ షెడ్యూల్

హనుమకొండ, 29 జనవరి 2026

పేషెంట్: పురుషుడు, 61 ఏళ్లు, రిటైర్డ్ బస్ డ్రైవర్. రోజుకు 20 సిగరెట్ల చొప్పున 25 ఏళ్లు తాగి, 2019లో మానేశారు.

నమస్కారం. గురువారం ఓపీలో మాట్లాడుకున్నవన్నీ ఒకచోట రాసి ఇవ్వమని మీ శ్రీమతి గారు అడిగారు. నేను చెప్పినదానిలో సగమే గుర్తుందని, మిగతా సగం మీ అబ్బాయి ఇంటర్నెట్‌లో వెతికి కంగారు పడుతున్నాడని అన్నారు. అందుకే తేదీలతో సహా రాస్తున్నాను. ఇంట్లో అందరూ చదవండి.

మొదట, ముందున్న రెండు తేదీలు.

18 మే 2026, సోమవారం: లో డోస్ సీటీ, అంటే తక్కువ రేడియేషన్‌తో తీసే స్కాన్. 21 మే, గురువారం నా దగ్గరికి రండి.

16 ఆగస్టు 2027, సోమవారం: మళ్లీ లో డోస్ సీటీ. 19 ఆగస్టు, గురువారం ఓపీ. ఈ రెండో తేదీ మే స్కాన్‌లో మార్పు లేకపోతేనే వర్తిస్తుంది.

ఈ మధ్యలో నాడ్యూళ్ల కోసం, అంటే ఊపిరితిత్తుల్లో కనిపించిన చిన్న గడ్డల కోసం, వేరే స్కాన్ గానీ, రక్తపరీక్ష గానీ, మందు గానీ అక్కర్లేదు.

రిపోర్టులో ఏముంది

పండగకి మనవడి గాలిపటం తీయబోయి నిచ్చెన మీంచి పడ్డారు. పక్కటెముకలు విరిగాయేమోనని జనవరి 19న సీటీ తీశారు. రెండు ఎముకలు చిట్లాయి, అవి వాటంతట అవే అతుకుతాయి. ఆ స్కాన్‌లోనే అనుకోకుండా నాలుగు చిన్న నాడ్యూళ్లు కనబడ్డాయి. నాలుగూ ఒకే రకం కావు.

కుడి ఊపిరితిత్తి కింది భాగంలో ఉన్న 5 మి.మీ. నాడ్యూల్ మొత్తం సున్నంలా గట్టిపడిపోయింది. ఎప్పుడో వచ్చిన ఇన్ఫెక్షన్ మానిన గుర్తు అది. మన దేశంలో ఇలాంటివి చాలామందికి ఉంటాయి. దాన్ని లెక్కలోంచి తీసేశాను.

ఎడమవైపు, ఊపిరితిత్తి భాగాల మధ్య ఉండే పొరను ఆనుకుని 3 మి.మీ. నాడ్యూల్ ఒకటి ఉంది. మూడు మూలల ఆకారంలో, నున్నగా ఉంది. అది చిన్న లింఫ్ గ్రంథి. దానికీ ఫాలోఅప్ అక్కర్లేదు.

ఎడమ కింది భాగంలో 4 మి.మీ. సాలిడ్ నాడ్యూల్, అంటే స్కాన్‌లో మసకగా కాకుండా నిండుగా కనిపించేది, ఉంది. అది ఒక్కటే అయితే ఇంత షెడ్యూల్ రాసేవాణ్ని కాదు. పెద్దదాని కోసం తీసే స్కాన్లలో అది కూడా ఎలాగూ కనిపిస్తుంది.

అసలు విషయం కుడి పైభాగంలో ఉన్నది. రిపోర్టులో 7.4 × 6.2 మి.మీ. అని ఉంది. పొడవు, వెడల్పుల సగటు తీసుకుంటే 6.8, అంటే మన లెక్కకు 7 మి.మీ. ఇదీ సాలిడ్ నాడ్యూలే. అంచులు నున్నగా ఉన్నాయి, అది మంచిదే. కానీ పైభాగంలో ఉండటం, పక్కనే గాలి గదులు దెబ్బతిని కొద్దిగా ఎంఫసీమా ఉండటం, మీరు పాతికేళ్లు సిగరెట్ తాగి ఉండటం, ఈ మూడింటి వల్ల మిమ్మల్ని ఎక్కువ రిస్క్ ఉన్నవాళ్ల కిందే లెక్క వేశాను. మానేసి ఆరేళ్లు దాటింది కాబట్టి రిస్క్ తగ్గుతూ వస్తుంది, కానీ ఎప్పుడూ తాగనివాళ్ల స్థాయికి ఇంకా రాలేదు.

క్యాన్సరా అని మీరు నేరుగా అడిగారు, నేరుగానే చెబుతాను. 6 నుంచి 8 మి.మీ. సైజు నాడ్యూళ్లలో క్యాన్సర్‌గా తేలేవి సుమారుగా నూటికి ఒకటి, రెండు. మీ విషయంలో ఆ అంకెలో పైవైపే అనుకుందాం. అయినా కాకపోవడానికే అవకాశం చాలా ఎక్కువ. ఉత్తినే వదిలేయలేం, ఇప్పుడే కోసి తీసేయాల్సినంతా లేదు. అందుకే ఫాలోఅప్.

మే వరకు ఎందుకు ఆగాలి

మీ అబ్బాయి ఫోన్‌లో అడిగింది ఇదే: "నాలుగు నెలలు చేతులు కట్టుకుని కూర్చోవాలా? వచ్చే నెలే ఇంకో సీటీ తీయొచ్చు కదా?"

తీయొచ్చు, కానీ దానివల్ల ఏమీ తెలియదు. సాలిడ్‌గా ఉండే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఘనపరిమాణం రెట్టింపు కావడానికి ఎక్కువగా 100 నుంచి 400 రోజులు పడుతుంది. ఘనపరిమాణం రెట్టింపయితే అడ్డుకొలత పెరిగేది నాలుగో వంతు మాత్రమే. అంటే 7 మి.మీ. నాడ్యూల్ రెట్టింపయ్యాక దాదాపు 8.8 మి.మీ. అవుతుంది. త్వరగా పెరిగే రకం, 120 రోజుల్లో రెట్టింపయ్యేది అనుకుందాం. నెల తర్వాత తీస్తే అది 7.4 మి.మీ. ఉంటుంది. ఆ తేడాను ఏ రేడియాలజిస్టూ నమ్మకంగా పెరుగుదల అనలేరు. అదే నాలుగు నెలలకు 8.8 దగ్గరికి వస్తుంది, అప్పుడు తేడా కంటికి కనిపిస్తుంది. ఫిబ్రవరిలో స్కాన్ తీసి "మార్పు లేదు" అంటే మీకు దొరికేది ఉత్త ఊరట. అది నేను ఇవ్వదలచుకోలేదు.

ఛాతీ రేడియాలజీ నిపుణుల సంఘమైన ఫ్లైష్‌నర్ సొసైటీ 2017 మార్గదర్శకాలు కూడా ఒకటికి మించి సాలిడ్ నాడ్యూళ్లు ఉండి, పెద్దది 6 నుంచి 8 మి.మీ. మధ్య ఉంటే మొదటి స్కాన్ 3 నుంచి 6 నెలల్లో, ఎక్కువ రిస్క్ ఉన్నవాళ్లకు రెండోది 18 నుంచి 24 నెలల్లో చేయమంటాయి. మీ లెక్కన మొదటి గడువు ఏప్రిల్ 19 నుంచి జూలై 19 వరకు, రెండోది 2027 జూలై 19 నుంచి 2028 జనవరి 19 వరకు. పైన రాసిన తేదీలు ఆ గడువుల్లోవే.

చురుగ్గా ఉన్న కణాలు వెలిగి కనిపించే పెట్ స్కాన్ గురించి కూడా అడిగారు. 8 మి.మీ. లోపు నాడ్యూళ్లకు దాని మీద ఆధారపడలేం. క్యాన్సర్ ఉన్నా వెలగకపోవచ్చు, మన దగ్గర టీబీ మచ్చ ఉన్నా వెలుగుతుంది. సూది బయాప్సీ అయితే ఇంత చిన్నదానికి గురి కుదరడమే కష్టం, పైగా ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదం ఉంది. ఇంకొక మాట. ఎవరైనా సీటీ చూసి "ఎందుకైనా మంచిది, టీబీ మందులు మొదలుపెట్టండి" అంటే మొదలుపెట్టకండి. మీకు జ్వరం లేదు, దగ్గు లేదు, బరువు తగ్గలేదు, కఫం పరీక్షలో ఏమీ రాలేదు. కారణం లేకుండా ఆరు నెలలు ఆ మందులు మింగితే లివర్‌కు చేటు.

ముందు బీరువా వెతకండి

ఈ కాగితంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. 2021 మేలో కోవిడ్ వచ్చినప్పుడు ఛాతీ సీటీ తీయించారని, ఆ సీడీ ఇంట్లోనే ఎక్కడో ఉందని చెప్పారు. దాన్ని వెతికి తెచ్చి ఇవ్వండి. ఫిల్ములు మాత్రమే దొరికితే అవీ తీసుకురండి, అయితే ఇంత చిన్నవి ఫిల్ము మీద సరిగా తేలవు, సీడీయే కావాలి. ఇంట్లో దొరక్కపోతే అప్పుడు తీసిన సెంటర్‌కు వెళ్లి అడగండి, కొందరి దగ్గర పాతవి ఉంటాయి.

ఎందుకంటే ఈ 7 మి.మీ. నాడ్యూల్ 2021లోనూ అక్కడే, అదే సైజులో ఉంటే దాదాపు ఐదేళ్లుగా కదలనట్టే. అప్పుడు మే స్కాన్ కొట్టేస్తాను, ఆగస్టుది కూడా. అప్పుడు లేకపోతే షెడ్యూల్ యథాతథం. అప్పుడు 4 మి.మీ. ఉండి ఇప్పుడు 7 అయితే మే వరకు ఆగం, వెంటనే మాట్లాడుకుంటాం. ఫిబ్రవరి 15 లోపు ఇస్తే మంచిది.

స్కాన్ రోజున

జనవరిలో తీసిన సెంటర్‌లోనే, అదే మెషిన్ మీద తీయించండి. రాసిచ్చిన చీటీలో "లో డోస్, కాంట్రాస్ట్ లేకుండా, 1 మి.మీ. స్లైసులు" అని ఉంటుంది. కౌంటర్‌లో అది చూపించి, మామూలు ఛాతీ సీటీ తీసేయకుండా చూసుకోండి. సూది ఉండదు, ఉపవాసం ఉండక్కర్లేదు, బీపీ మాత్ర మామూలుగానే వేసుకోండి. ఊపిరి బిగపట్టమన్నప్పుడు నిండా పీల్చి కదలకుండా ఉండండి. సగం ఊపిరితో తీసిన స్కాన్‌లో కొలతలు తేడా వస్తాయి.

రేడియేషన్ భయం అక్కర్లేదు. లో డోస్ స్కాన్‌లో తగిలేది సుమారు 1.5 మిల్లీసీవర్టులు, ఏడాది పొడవునా నేల నుంచి, ఆకాశం నుంచి మన ఒంటికి ఎలాగూ తగిలేదానికన్నా తక్కువ.

ఆ వారం జ్వరం, కఫం ఉంటే స్కాన్ వద్దు. కొత్త ఇన్ఫెక్షన్ మచ్చలు వచ్చి అనవసరంగా టెన్షన్ పెడతాయి. ఫోన్ చేయండి, మూడు నాలుగు వారాలు జరుపుదాం. జూలై 19 మాత్రం దాటనివ్వొద్దు.

రిపోర్టు సాయంత్రానికి మీ వాట్సాప్‌కు వస్తుంది. అందులో 8 మి.మీ. అని కనబడితే పెరిగిందని అనుకోకండి. కొలిచే మనిషి మారితేనే ఒక మి.మీ. అటూ ఇటూ అవుతుంది. 2 మి.మీ. లేదా అంతకు మించి తేడా వస్తేనే పెరుగుదల అంటాం. రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టి రేడియాలజిస్టూ నేనూ చూస్తాం, గురువారం చెబుతాను.

ఏం వస్తే ఏం చేస్తాం

మాయమైతే లేదా చిన్నదైతే: ఇన్ఫెక్షన్ తాలూకుది అని అర్థం. దాని ఫాలోఅప్ అయిపోయినట్టే.

అలాగే ఉంటే: 16 ఆగస్టు 2027 స్కాన్. అప్పుడూ అలాగే ఉంటే ఈ నాడ్యూళ్ల ఫైల్ మూసేస్తాం.

పెరిగినా, అంచులు ముళ్లలా మారినా: రెండో తేదీ కోసం ఆగం. సైజును బట్టి పెట్ స్కాన్, బయాప్సీ, లేదా నేరుగా ఆపరేషన్ చేసి తీయడం గురించి ఛాతీ సర్జన్‌తో కలిసి మాట్లాడతాం. ఈ దశలో దొరికితే ఆపరేషన్‌తో పూర్తిగా నయమయ్యే అవకాశం ఎక్కువ.

కొత్తది కనబడితే: దాని సైజును బట్టి దానికి వేరే తేదీలు ఇస్తాను.

2027 ఆగస్టు తర్వాత ఇంకో ప్రశ్న మిగులుతుంది. అమెరికాలో 50 నుంచి 80 ఏళ్ల మధ్య ఉండి, మీ అంత సిగరెట్ తాగి, మానేసి 15 ఏళ్లు కానివాళ్లకు ఏటా లో డోస్ సీటీ తీస్తారు. మన దేశంలో అలాంటి జాతీయ కార్యక్రమం లేదు. మీకు అది ఉపయోగమేనని నా అభిప్రాయం, కానీ ఖర్చు మీదే కాబట్టి అప్పుడు కూర్చుని తేల్చుకుందాం.

తేదీ కోసం ఆగకూడనివి

కఫంలో రక్తం, కొంచెమైనా సరే. కారణం లేకుండా బరువు తగ్గడం. మూడు వారాలు దాటిన దగ్గు లేదా గొంతు బొంగురు. ముందు లేని ఆయాసం. వీటిలో ఏది వచ్చినా అపాయింట్‌మెంట్ లేకుండా రండి. విరిగిన ఎముకల నొప్పి ఆరు వారాల వరకు ఉండొచ్చు, దాన్ని నాడ్యూల్ నొప్పి అనుకోకండి. ఇంత చిన్నవి నొప్పి పెట్టవు.

టెన్షన్‌లో ఒక్క సిగరెట్టే కదా అని మళ్లీ ముట్టుకోవద్దు. ఇంట్లో మీ అల్లుడు గారు తాగితే బయట తాగమనండి. ఎంఫసీమా ఎంతుందో చూడటానికి మే 21న గొట్టంలోకి ఊపిరి ఊది చేసే స్పైరోమెట్రీ పరీక్ష కూడా చేద్దాం, పదిహేను నిమిషాల పని.

వచ్చే ఏడాది అబ్బాయి దగ్గరికి టెక్సాస్ వెళ్లే ఆలోచన ఉందన్నారు. 2027 జూలై మూడో వారానికి ముందు తిరిగొచ్చినా, ఆగస్టు స్కాన్ అయ్యాక బయల్దేరినా ఇబ్బంది లేదు. ఆ తేదీకి అక్కడే ఉండాల్సి వస్తే 2028 జనవరి 19 వరకు గడువుంది కాబట్టి వచ్చాక తీయించుకోవచ్చు. ఎలాగైనా జనవరి, మే స్కాన్ల సీడీలు, ఈ కాగితం చేతి బ్యాగులో పెట్టుకోండి. చెక్‌ఇన్ సూట్‌కేసులో వద్దు.

ఒక కాపీ మీకు, ఒకటి మీ ఫ్యామిలీ డాక్టర్‌కు, ఒకటి మా ఫైల్‌లో.

— ఛాతీ వ్యాధుల వైద్యుడు