టాయిలెట్ యాసిడ్ భద్రతా సమాచార పత్రం: బాలికల హాస్టల్, కడప

ఈ పత్రం హాస్టల్‌లో టాయిలెట్లు కడిగే అక్కలకు, వార్డెన్‌కు, రాత్రి కాపలా ఉండేవారికి. చదవడం రానివారికి వార్డెన్ గట్టిగా చదివి వినిపించాలి. ఒక కాపీ స్టోర్ గది తలుపు లోపలివైపు, ఇంకొకటి వంటగది ఫోన్ పక్కన అంటించాలి. రాసినది: కెమిస్ట్రీ లెక్చరర్, యాసిడ్ వాడకానికి బాధ్యుడు.

అత్యవసరమైతే: 108. విషప్రయోగాలపై సలహాకు ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం, టోల్ ఫ్రీ 1800-116-117.

ఇది ఏమిటి

మనం వాడేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం (HCl), నీళ్లలో కలిపినది. CAS సంఖ్య 7647-01-0, రవాణా సంఖ్య UN 1789, తరగతి 8, అంటే తాకినదాన్ని తినేసే పదార్థం. సీసాల్లో కంపెనీ పేరుతో వచ్చే టాయిలెట్ క్లీనర్లలో ఇది సుమారు 10 శాతం ఉంటుంది. లేబుల్ లేని క్యాన్లలో విడిగా అమ్మే యాసిడ్ 30 శాతం దాకా ఉండొచ్చు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కానీ చర్మం మీద పడితే తేడా చాలా పెద్దది. అందుకే మన హాస్టల్‌లోకి లేబుల్ మీద శాతం రాసి ఉన్న 5 లీటర్ల క్యాన్ తప్ప ఇంకేదీ రాకూడదు. ఎంత తక్కువ ధరకు ఇస్తామన్నా లూజు యాసిడ్ వద్దు. ఎక్కడైనా లేబుల్ చెరిగిపోయిన క్యాన్ కనిపిస్తే అది 30 శాతం అనుకునే మెలగాలి.

ప్రమాదాలు

చర్మం మీద పడితే మంట, ఎరుపు. గాఢంగా ఉంటే పుండు పడుతుంది. కంట్లో పడితే చూపు పోయే అవకాశం ఉంది. దీని ఆవిరి ముక్కును, గొంతును కోసినట్టు చేసి దగ్గు తెప్పిస్తుంది. మన ఎండాకాలంలో స్టోర్ గది వేడెక్కితే ఆవిరి ఇంకా ఎక్కువ వస్తుంది. ఆస్తమా ఉన్నవారికి ఈ పని అప్పగించవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది: యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో గానీ, బట్టల బ్లీచ్‌తో గానీ ఎప్పుడూ కలపకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు వెంటనే పుడుతుంది. మూసిన బాత్‌రూమ్‌లో రెండు నిమిషాలు పీల్చినా ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. "రెండూ కలిపితే ఇంకా తెల్లగా వస్తుంది" అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. బ్లీచింగ్ చల్లిన టాయిలెట్‌ను ముందు నీళ్లతో బాగా కడిగి, ఆ రోజుకు వదిలేసి, యాసిడ్ మరుసటి రోజు వాడండి. రెండూ ఒకే అరలో పెట్టవద్దు.

జామయిన సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు గుంటలోకి యాసిడ్ పోయవద్దు. అడుగున కుళ్లిన బురద నుంచి కుళ్లిన గుడ్ల వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ లేస్తుంది. ఎక్కువైతే ముక్కుకు ఆ వాసన తెలియడం కూడా ఆగిపోతుంది, మనిషి అక్కడే కూలిపోతాడు.

లోహాలను కూడా ఇది తింటుంది. సత్తు గిన్నెలో, ఇనుప బకెట్‌లో పోస్తే హైడ్రోజన్ వాయువు వస్తుంది. అది మండుతుంది. ప్లాస్టిక్ బకెట్, ప్లాస్టిక్ మగ్గు మాత్రమే వాడండి.

మన నేల గురించి

మన వరండాలు, మెట్లు పరిచినవి కడప బండలు. అవి సున్నపురాయి జాతివి. యాసిడ్ పడగానే బండ మీద నురగ పొంగుతుంది. చాలామంది అది మురికి వదులుతోందనుకుంటారు. వదులుతున్నది మురికి కాదు, బండే కరిగిపోతోంది. నునుపు పోయి, తెల్లటి మచ్చ నిలిచిపోతుంది. ఆ గరుకు మీద తర్వాత మురికి ఇంకా ఎక్కువ పడుతుంది. మొజాయిక్, సిమెంటు గచ్చు విషయంలోనూ ఇంతే. బండలకు సబ్బు నీళ్లు, కొబ్బరి చీపురు చాలు. యాసిడ్ టాయిలెట్ బేసిన్‌కు, బోరు నీళ్ల ఉప్పుకు పేరుకున్న గారకు మాత్రమే.

వాడే పద్ధతి

మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు, పక్కలు మూసిన కళ్లద్దాలు, రబ్బరు చెప్పులు లేదా బూట్లు వేసుకోవాలి. చీర కొంగు, చున్నీ నడుముకు దోపుకోవాలి. ముఖానికి కట్టుకునే గుడ్డ ఆవిరిని ఆపదు, కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు. తలుపు, కిటికీ తీసి, ఫ్యాన్ ఉంటే వేసి పని మొదలుపెట్టండి.

ముందు బకెట్‌లో 2 లీటర్ల నీళ్లు పోసి, ఆ నీళ్లలోకి 200 మి.లీ. యాసిడ్‌ను నెమ్మదిగా పోయాలి. యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు. వేడి పుట్టి మొహం మీదికి చిమ్ముతుంది. బేసిన్‌లో పోసి, బ్రష్‌తో తోమి, పది నిమిషాల్లో నీళ్లు కొట్టాలి. గార పోలేదని రాత్రంతా నానబెట్టవద్దు. ఇంకో రోజు మళ్లీ చేయండి. పని అయ్యాక, అన్నం తినేముందు, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

నిల్వ, రిజిస్టర్

గ్రౌండ్ ఫ్లోర్ స్టోర్ గదిలో, నేల మీద, నీడలో, మూడు క్యాన్లకు మించకుండా. తాళం వార్డెన్ దగ్గరే. మంచినీళ్ల సీసాల్లోకి, కూల్ డ్రింక్ సీసాల్లోకి యాసిడ్ మార్చడం పూర్తిగా నిషేధం. దాహంతో వచ్చిన పిల్ల అది నీళ్లే అనుకుంటుంది.

2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం యాసిడ్ నిల్వ ఉంచే విద్యాసంస్థ వాడకం రిజిస్టర్ రాయాలి, ఒక బాధ్యుడిని నియమించాలి. ఎవరు తీశారు, ఎంత తీశారు, ఎంత తిరిగి వచ్చింది అన్నది ప్రతిసారీ రాయండి. 18 ఏళ్లలోపు వారికి అమ్మకూడదు. కొనేటప్పుడు గుర్తింపు కార్డు చూపించాలి. యాసిడ్ ఏ చేతుల్లోకి వెళ్తోందో తెలియకపోతే ఏం జరుగుతుందో మనకు తెలియనిది కాదు. రిజిస్టర్ రాయడానికి బద్ధకించవద్దు.

ప్రథమ చికిత్స

*కంట్లో పడితే:* ఒక్క క్షణం ఆలస్యం చేయవద్దు. రెప్పలు వేళ్లతో తెరిచి పట్టి, సన్నటి ధారగా మంచినీళ్లు 20 నిమిషాలు పోయండి. కాంటాక్ట్ లెన్స్ సులువుగా వస్తే తీసేయండి. కడుగుతుండగానే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. మంట తగ్గినా కళ్ల డాక్టర్‌కు చూపించాలి.

*చర్మం మీద:* తడిసిన బట్టలు తీసేసి 20 నిమిషాలు ధారగా నీళ్లు పోయండి. పసుపు, టూత్‌పేస్ట్, కొబ్బరి నూనె రాయవద్దు. సోడా గానీ సున్నం గానీ రాస్తే వేడి పుట్టి గాయం ఇంకా పెరుగుతుంది. నీళ్లే మందు.

*పీలిస్తే:* బయటి గాలిలోకి తెచ్చి కూర్చోబెట్టండి, పడుకోబెట్టవద్దు. క్లోరిన్ పీల్చినవారికి మొదట బాగానే ఉన్నట్టు అనిపించి, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. "ఇప్పుడు బాగుంది" అన్నా రిమ్స్‌కు తీసుకెళ్లండి.

*మింగితే:* వాంతి చేయించకూడదు. వచ్చేటప్పుడు గొంతు మళ్లీ కాలుతుంది. నోరు పుక్కిలించి ఉమ్మించండి. ఉప్పు నీళ్లు, మజ్జిగ, సోడా ఏదీ పట్టవద్దు. 108కి చేసి, క్యాన్ లేబుల్ ఫోటో వెంట తీసుకెళ్లండి.

ఒలికిపోతే, పారేయాలంటే

చిన్న ఒలుకు అయితే పిల్లలను దూరంగా పంపి, గ్లౌజులు వేసుకుని, చుట్టూ పొడి ఇసుక పోయాలి. మీద వాషింగ్ సోడా చల్లి, పొంగు ఆగేదాకా ఆగి, ఎత్తేసి, నీళ్లు కొట్టాలి. ఇసుక, సోడా ఉన్న బకెట్ స్టోర్ తలుపు పక్కనే ఉంటుంది. రంపపు పొట్టు, గుడ్డలు వాడవద్దు.

మిగిలిన యాసిడ్ పారేయాలంటే పదింతల నీళ్లలో కలిపి, పెద్ద ప్లాస్టిక్ టబ్‌లో, ఆరుబయట, కొంచెం కొంచెంగా వాషింగ్ సోడా వేయాలి. లీటరు 10 శాతం యాసిడ్‌కు ఎండు సోడా సుమారు 150 గ్రాములు పడుతుంది. పొంగడం ఆగాక pH కాగితంతో చూసి, 6 నుంచి 8 మధ్య ఉంటే మురుగు కాలువలో నీళ్లతో పాటు వదలొచ్చు. శాతం తెలియని క్యాన్‌కు ఈ పని మీరు చేయవద్దు. నాకు చెప్పండి.

ఖాళీ క్యాన్‌ను మూడుసార్లు కడిగి, అడుగున రంధ్రం చేసి స్క్రాప్‌కు ఇవ్వండి. నీళ్లకు, నూనెకు, పశువుల కుడితికి ఇంటికి తీసుకెళ్లవద్దు.

జూన్ 2025